అతిమధురం పొడి, తెల్లగడ్డ క్యాప్సూల్స్: బీపీ మందులతో కలిస్తే

చిత్తూరులో ఉండే మా అమ్మ బీపీకి క్లోర్థాలిడోన్, గుండెకు ఆస్పిరిన్ వాడుతుంది. నెలగా దగ్గుకు రోజూ చెంచాడు అతిమధురం పొడి, బీపీ తగ్గాలని తెల్లగడ్డ క్యాప్సూల్స్ కూడా తీసుకుంటోంది. పర్వాలేదా?

ముందు అతిమధురం ఆపించండి. అందులోని గ్లైసిరైజిన్, మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు ఆ కార్టిసాల్, ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోన్ చేసే పని చేస్తుంది: ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. క్లోర్థాలిడోన్ కూడా పొటాషియాన్ని పోగొట్టేదే, అందుకే ఈ జోడీ ప్రమాదం.

రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ దాటొద్దని ఐరోపా నిపుణుల సలహా. పొడిలో అది 4 శాతం ఉందనుకుంటే, 3 గ్రాముల చెంచాలోనే 120 మిల్లీగ్రాములు. బీపీ ఉన్నవాళ్లకు అంతకన్నా తక్కువ మోతాదు కూడా ఎక్కువే కావచ్చు.

పిక్కలు పట్టేయడం, కాళ్లలో సత్తువ లేకపోవడం, పాదాల వాపు ఉన్నాయేమో అడగండి. ఏమీ లేకపోయినా ఈ వారంలోనే సీరమ్ పొటాషియం పరీక్ష చేయించండి, 3.5 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించాలి. గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే పరీక్ష కోసం ఆగకుండా తిరుపతి గానీ, దగ్గర్లోని పెద్దాసుపత్రికి గానీ తీసుకెళ్లండి. పొడి మానినా ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

తెల్లగడ్డ బీపీని కొద్దిగానే తగ్గిస్తుంది, మాత్రకు బదులు కాదు. ఆస్పిరిన్‌తో క్యాప్సూల్స్ కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పేదాకా ఆపండి. కూరలో వేసే రెబ్బలకు భయం లేదు.