లిఫ్ట్ ఏఎంసీ రేటు ఒక్కసారిగా పెంచేశారు, కట్టాల్సిందేనా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో రెండు లిఫ్టులున్నాయి. ఏఎంసీ, అంటే వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఏడాదికి రూ.1,20,000, జీఎస్టీ అదనం. మార్చి 31తో గడువు ముగుస్తుంది. మార్చి 10న కంపెనీ ఉత్తరం పంపింది: స్పేర్ పార్టులు, జీతాలు పెరిగాయి కాబట్టి ఏప్రిల్ నుంచి రూ.1,90,000 కట్టాలట, లేకపోతే సర్వీస్ ఆపేస్తారట. పై అంతస్తుల్లో పెద్దవాళ్లున్నారు, టెన్షన్‌గా ఉంది. అగ్రిమెంట్ కాపీ పంపుతున్నాను. ఏం చేయమంటారు? – అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, కూకట్‌పల్లి

జవాబు: కార్యదర్శి గారూ, మీరు పంపిన కాపీలో 11వ క్లాజు చదివారా? చాలామంది రేటు ఉన్న పేజీ చూసి సంతకం పెట్టేస్తారు. అసలు సంగతి వెనక పేజీల్లో ఉంటుంది. ఎవరైనా 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే అగ్రిమెంట్ దానంతటదే మరో ఏడాది కొనసాగుతుందని, అప్పుడు రేటు 8 శాతానికి మించి పెంచకూడదని ఆ క్లాజులో ఉంది.

వాళ్లు వద్దనుకుంటే జనవరి నెలాఖరుకు ముందే చెప్పి ఉండాలి. మార్చి 10న రాశారు. కాబట్టి ఆ ఉత్తరాన్ని రద్దు నోటీసు అనుకుంటే ఆలస్యమైపోయింది. రేటు పెంపు అనుకుంటే 8 శాతం దగ్గర ఆగిపోతుంది. అంటే మీరు కట్టాల్సింది రూ.1,29,600, దానిపై 18 శాతం జీఎస్టీ. ఖర్చులు పెరిగాయన్నది నిజమే కావచ్చు. కానీ ఖర్చు పెరిగిందన్న కారణంతో ఒప్పుకున్న రేటు దాటి అడగడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1960లోనే, అలోపీ పర్షాద్ కేసులో చెప్పింది. అది సైన్యానికి నెయ్యి సరఫరా చేసే ఏజెంట్ల కేసు. యుద్ధకాలంలో ఖర్చులు పెరిగాయన్నా కోర్టు ఒప్పుకోలేదు.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ఏప్రిల్‌లో కొత్త రేటుతో బిల్లు వస్తుంది, లిఫ్టు ఆగకూడదన్న భయంతో ట్రెజరర్ కట్టేస్తారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 8 ప్రకారం కొత్త షరతును నోటితో ఒప్పుకోనక్కర్లేదు, చేతలతో ఒప్పుకున్నా చాలు. అందుకే మొదటి త్రైమాసికానికి రూ.32,400, జీఎస్టీ రూ.5,832, మొత్తం రూ.38,232 మాత్రమే పంపండి. దానితోపాటు 11వ క్లాజును పేర్కొంటూ, మిగతా మొత్తాన్ని ఒప్పుకోవడం లేదని ఉత్తరం రాయండి. అది అగ్రిమెంట్‌లో నోటీసుల కోసం ఇచ్చిన చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో రెండు దారుల్లోనూ వెళ్లాలి. వాట్సాప్ మెసేజ్‌తో సరిపెట్టకండి.

అప్పటికీ ఆపేస్తే? కోర్టుకెళ్లి 'వీళ్లచేత లిఫ్టు బాగు చేయించండి' అని ఆర్డరు తెచ్చుకోవడం కష్టం. నిరంతరం జరగాల్సిన, కోర్టు పర్యవేక్షించలేని పనికి అలాంటి ఆదేశం ఇవ్వకూడదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 14 అంటుంది. కానీ 2018 సవరణ తర్వాత సెక్షన్ 20 ఒక మంచి దారి ఇచ్చింది. కనీసం 30 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ వాళ్లు చేయకపోతే వేరేవాళ్లచేత చేయించుకోవచ్చు. ఆ ఖర్చు వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. నోటీసు లేకుండా వేరేవాళ్లను పిలిస్తే ఆ సెక్షన్ కింద ఖర్చు రాదు, ఇది మర్చిపోవద్దు.

ఇంత బలం ఉన్నా, మాట్లాడుకోమనే నేను చెబుతాను. ఎందుకంటే ఈ క్లాజు మిమ్మల్ని ఒక్క ఏడాదే కాపాడుతుంది. వచ్చే జనవరిలో వాళ్లు టైముకు నోటీసు ఇస్తే ఏమీ అనలేరు. మాటలకు కూర్చునే ముందు రెండు బయటి సంస్థల కొటేషన్లు తీసుకోండి. వాళ్లను మిషన్ రూమ్‌కు తీసుకెళ్లి కంట్రోలర్ చూపించి, 'దీన్ని మీరు తెరిచి సెట్ చేయగలరా?' అని అడగండి. కొన్ని కంట్రోలర్లకు కంపెనీ పాస్‌వర్డో, ప్రత్యేక పరికరమో కావాలి. అది లేకపోతే కొటేషన్ ఎంత తక్కువున్నా కాగితం మీదే. కంపెనీ వాళ్లకూ ఆ సంగతి తెలుసు, అందుకే ధీమాగా 1.90 లక్షలు అడిగారు.

బేరంలో రేటు మీదే పట్టుబట్టకండి. నేనైతే 8 శాతం కంటే కాస్త ఎక్కువకైనా ఒప్పుకుని, బదులుగా రెండేళ్లపాటు అదే రేటు, రేటు మార్పుకు 90 రోజుల ముందు నోటీసు, అగ్రిమెంట్ ముగిసిన రోజున పాస్‌వర్డు, వైరింగ్ డ్రాయింగులు, సర్వీస్ రికార్డులు సంఘానికి అప్పగించాలన్న షరతు రాయించుకుంటాను. వాళ్ల కొత్త ఆఫర్‌లో మరొకటి చూడండి: ఇప్పటిదాకా విడిభాగాలతో కలిపి ఉన్న మెయింటెనెన్స్ కాస్తా కొత్త కాగితంలో 'రోప్, మోటార్ అదనం' అయిందేమో. అలా అయితే 1.90 లక్షలు కూడా చివరి లెక్క కాదు.

కమిటీ తీర్మానం చేసి, ఎవరు సంతకం పెట్టాలో అందులో రాయించుకున్నాకే కొత్త అగ్రిమెంట్ మీద పెన్ను పెట్టండి.