అమ్మ ఖాతాలో నంబరు మార్చే ముందు

చిరంజీవి లావణ్యకు,

మావయ్య ఆశీస్సులు. కాలం చేసిన మీ నాన్న పేరు మీదున్న సిమ్‌కు రీచార్జి ఆపేద్దామనుకుంటున్నానని రాశావు. ఇంకో నెల ఆగు. అమ్మ బ్యాంకు ఖాతాలో ఇప్పటికీ ఆ నంబరే ఉందని నాకు దాదాపు నమ్మకం. మన ఇళ్లలో ఆడవాళ్ల ఖాతాలన్నిటికీ భర్తల నంబర్లే రాయించేవాళ్లు. ముప్పయ్యేళ్లు కౌంటర్లో కూర్చుని నేనూ అలాగే రాశాను. 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆ సిమ్‌ను ఆపేయవచ్చు. మరో 90 రోజులు గడిచాక ఆ నంబరును కొత్తవాళ్లకు ఇవ్వవచ్చు. అప్పుడు అమ్మ పింఛను పడిన మెసేజ్ ఎవరో తెలియనివాళ్లు చదువుకుంటారు, ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి.

ఏ నంబరు ఇవ్వాలన్నది ముందు తేల్చుకోండి. నీ నంబరు ఇస్తే సులువు అనిపిస్తుంది, కానీ నాకు అది నచ్చదు. నువ్వు హైదరాబాదులో మీటింగులో ఉంటావు, అమ్మ నెల్లూరులో ఓటీపీ కోసం కౌంటరు దగ్గర నిలబడి ఉంటుంది. అమ్మ పేరు మీద తీసుకున్న సిమ్, ఆమె చేతిలో ఉండే ఫోను, అది బటన్ ఫోనైనా సరే, అదే మేలు.

కొన్ని బ్యాంకుల్లో ఏటీఎంలోనూ నంబరు మార్చుకోవచ్చు. అయినా అమ్మ విషయంలో శాఖకే వెళ్లండి, ఖాతా ఉన్న సొంత శాఖకు. ఆమె స్వయంగా రావాలి. పాస్‌బుక్కు, ఆధార్, పాన్ కార్డుల అసలు ప్రతులు, జిరాక్సులు తీసుకెళ్లండి. ఫారం మీద సంతకం ఖాతా తెరిచిననాటి సంతకంలాగే ఉండాలి. చేయి వణికి సంతకం తేడా వస్తోందంటే ఫారం ఇవ్వకముందే అధికారికి చెప్పి కొత్త సంతకం నమోదు చేయించండి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. నంబరు ఖాతాకు కాక ఖాతాదారుకు అతికి ఉంటుంది. పాస్‌బుక్కు మొదటి పేజీలో సీఐఎఫ్ అనో కస్టమర్ ఐడీ అనో ఒక అంకె కనిపిస్తుంది చూడు, అదే ఖాతాదారుకు బ్యాంకు ఇచ్చిన గుర్తింపు. ఒక సీఐఎఫ్ కింద ఎన్ని ఖాతాలున్నా ఒకసారి మారిస్తే మామూలుగా అన్నిటికీ మారుతుంది. అయితే అమ్మకు పాత పొదుపు ఖాతా ఒకటి, నాన్న పోయాక కుటుంబ పింఛను కోసం తెరిచింది ఇంకొకటి. అలా వేర్వేరు కాలాల్లో తెరిచినప్పుడు ఒకే మనిషికి రెండు సీఐఎఫ్‌లు పడటం నేను చాలాసార్లు చూశాను. రెండు పాస్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి పోల్చు. అంకెలు వేరైతే ఫారాలూ రెండు ఇవ్వాలి. రెండిటినీ ఒకటి చేయమని కూడా రాసి అడగవచ్చు, కానీ అది పూర్తయ్యేదాకా నంబరు మార్పును ఆపకండి.

ఫారం తీసుకున్న గుమాస్తా కంప్యూటర్లో ఎక్కించినంత మాత్రాన పని అయిపోదు. ఇంకో అధికారి దాన్ని ఆమోదించాలి. రద్దీ రోజున ఆ రెండో అడుగు మిగిలిపోతుంది. తేదీ, ముద్ర ఉన్న రసీదు అడిగి తీసుకో.

మారిందని మెసేజ్ వచ్చినా సరిపెట్టుకోవద్దు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గర నంబరు మార్పించుకుని సంతోషంగా వెళ్లాడు. జమలు, ఖర్చుల మెసేజ్‌లన్నీ కొత్త ఫోనుకే వస్తున్నాయి. మూడు వారాలకు కార్డుతో గ్యాసు డబ్బు కట్టబోతే ఓటీపీ బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్లింది. కార్డుల వివరాలు వేరే చోట ఉండి, అక్కడ పాత నంబరు అలాగే ఉండిపోయింది. అందుకని రెండు పరీక్షలు చెయ్యి. ఏటీఎంలో వంద రూపాయలు తీసి మెసేజ్ ఏ ఫోనుకు వస్తుందో చూడు. తరువాత అమ్మ కార్డుతోనే ఆన్‌లైన్లో చిన్న రీచార్జి చేసి ఓటీపీ ఎక్కడికి వస్తుందో చూడు. రెండో సీఐఎఫ్ ఉంటే ఆ ఖాతాకూ ఇదే తంతు.

ఈ రోజుల్లోనే ఎవరైనా ఫోను చేసి, నంబరు మార్పు పూర్తి కావాలంటే ఓటీపీ చెప్పమంటే పెట్టేయమని అమ్మకు చెప్పు. ఫోనులో ఓటీపీ అడిగే పని బ్యాంకుకు లేదు. పొరపాటున చెప్పేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

బ్యాంకులో మార్చినంత మాత్రాన ఆధార్‌లో మారదు. దాన్ని వేరుగా మార్పించాలి; అమ్మ ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ పని చేయించుకోవచ్చు. ఇవన్నీ తేలాక, రెండు పరీక్షలూ నెగ్గాక, నాన్న సిమ్‌ను ఆపేయవచ్చు.

ఒక్కటి మరిచాను. అమ్మ బటన్ ఫోనులో మెసేజ్‌ల పెట్టె నిండిపోతే కొత్తవి లోపలికి రావు. బ్యాంకును తిట్టుకునే ముందు దాన్ని ఖాళీ చెయ్యి. నాన్న పంపిన మెసేజ్‌లు ఏవైనా ఉంటే మాత్రం, చెరిపే ముందు అమ్మను అడుగు.

ఇట్లు,
మీ మావయ్య