ఫెటీగ్ మీద ఐదు నిమిషాలు: మూడు వరుసల రివెట్లు, రెండు ముక్కలైన ఒక రేకు

ప్రశ్న: ఫెటీగ్ క్రాక్ వల్ల, అంటే పదేపదే పడే ఒత్తిడికి లోహం అలసి పగలడం వల్ల, విమానంలో ఒక భాగం ఎలా విరిగిపోయిందో క్లాసులో ఐదు నిమిషాలు మాట్లాడాలి. కామెట్ విమానం కిటికీల కథ తీసుకుందామనుకుంటున్నా. మొదట్లో పేపర్ క్లిప్ వంచి విరిచి చూపిస్తా. స్క్రిప్టు ఎలా ఉండాలి?

జవాబు:

కామెట్ వద్దు. మీకంటే ముందు నలుగురు అదే చెబుతారు, అదీ తప్పుగా చెబుతారు. "చతురస్రపు కిటికీల వల్ల కూలింది" అనే మాట సగమే నిజం. 1954 జనవరిలో ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడిన కామెట్‌లో పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో రేడియో యాంటెన్నా కోసం కోసిన కంత పక్కనున్న ఒక చిన్న చిల్లు దగ్గర.

పేపర్ క్లిప్ కూడా వద్దు. క్లిప్‌ను వంచితే వంకరగానే ఉండిపోతుంది, అంటే లోహం సాగే హద్దు దాటిపోయింది. విమానం రేకు మీద పడే ఒత్తిడి ఆ హద్దుకు చాలా కిందే ఉంటుంది. ప్రతిసారీ రేకు మామూలు స్థితికి వచ్చేస్తుంది, అయినా చివరికి చీలుతుంది. ఫెటీగ్‌లో ఉన్న మోసమంతా అదే. క్లిప్ దాన్ని దాచేస్తుంది.

జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమాన ప్రమాదం తీసుకోండి. ఒక్క భాగం, ఒక్క అతుకు. నిదానంగా చదివితే కింద రాసింది ఐదు నిమిషాల లోపే అయిపోతుంది. మిగిలే సమయం డెమోకి.

"1985 ఆగస్టు 12. సాయంత్రం 6 గంటల 12 నిమిషాలకు టోక్యోలోని హనేదా నుంచి ఒసాకాకు ఒక బోయింగ్ 747 బయల్దేరింది. అందులో 524 మంది ఉన్నారు. 12 నిమిషాల తర్వాత, సుమారు 24 వేల అడుగుల ఎత్తులో, వెనక నుంచి పెద్ద శబ్దం వచ్చింది. విరిగిన భాగం పేరు వెనక ప్రెషర్ బల్క్‌హెడ్.

"అదేమిటో ముందు చూద్దాం. విమానం లోపల మనం పీల్చుకునేందుకు గాలిని ఒత్తిడితో నింపుతారు. ఆ గాలిని తోక వైపు ఆపేది గొడుగులా ఉబ్బిన ఒక అల్యూమినియం గోడ. దాని వ్యాసం సుమారు నాలుగున్నర మీటర్లు. ఆ ఎత్తులో ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు ఆరు టన్నుల తోపు ఉంటుంది. మొత్తం గోడ మీద లెక్కేస్తే వంద టన్నుల దాకా వస్తుంది. విమానం ఎక్కిన ప్రతిసారీ ఆ గోడ ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ సడలుతుంది.

"ఇప్పుడు ఏడేళ్లు వెనక్కి వెళ్దాం. 1978 జూన్‌లో ఇదే విమానం ఒసాకాలో దిగేటప్పుడు తోక నేలకు రాసుకుంది. గోడ కింది సగం దెబ్బతింది. తయారీదారు బోయింగ్ మనుషులే వచ్చి కింది సగం కొత్తది వేసి పై సగానికి అతికారు. అతికే చోట రివెట్ చిల్లుకూ రేకు అంచుకూ మధ్య ఉండాల్సినంత జాగా లేకపోయింది. అందుకని రెండు సగాల మధ్య ఒక అతుకు రేకు పెట్టి, మూడు వరుసల రివెట్లతో బిగించాలని నిర్ణయించారు. ఆ రేకు ఒకటే అఖండంగా ఉండాలి. కానీ బిగించింది రెండు ముక్కలుగా కోసిన రేకు.

"తేడా ఎక్కడుంది? రేకు ఒకటే అయితే పై సగం లాగే బలం పై, మధ్య వరుసల రివెట్ల మీదుగా రేకులోకి దిగి, అక్కడి నుంచి మధ్య, కింది వరుసల మీదుగా కింది సగానికి చేరుతుంది. రేకును కోసేస్తే ఆ దారి తెగిపోతుంది. అప్పుడు రెండు సగాలనూ నిజంగా కలిపి ఉంచేది ఒక్క వరుస మాత్రమే. రెండు వరుసలు పంచుకోవాల్సిన బరువును ఒక్క వరుస మోసింది.

"రేకులో చిల్లు ఉంటే దాని అంచున ఒత్తిడి మామూలు కంటే దాదాపు మూడింతలు ఉంటుంది. పగులు పుట్టేది అక్కడే. గోడ ఉబ్బినప్పుడల్లా అది వెంట్రుకవాసిలో ఎన్నో వంతు ముందుకు జరుగుతుంది. ఇక్కడ పుట్టింది ఒక్క పగులు కాదు. ఒకే వరుసలో పక్కపక్క చిల్లుల దగ్గర చాలా పుట్టాయి.

"మరమ్మతు తర్వాత విమానం 12 వేలకు పైగా సార్లు ఎగిరింది. ఆ సాయంత్రం పగుళ్ల మధ్య మిగిలిన లోహం చాల్లేదు. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి గోడ చీలింది. లోపలి గాలి తోకలోకి దూసుకెళ్లి నిలువు తోక రెక్కలో ఎక్కువ భాగాన్ని ఊడగొట్టింది. విమానాన్ని తిప్పే పలకలను ద్రవం ఒత్తిడితో కదిపే నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థల గొట్టాలూ అక్కడి నుంచే వెళ్తాయి, నాలుగూ తెగాయి. పైలట్లు ఇంజిన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూ సుమారు 32 నిమిషాలు విమానాన్ని గాలిలో ఉంచారు. చివరికి అది కొండల్లో కూలింది. 520 మంది చనిపోయారు, నలుగురు బతికారు."

స్క్రిప్టు ఇంతే. చివర్లో "కాబట్టి భద్రత ముఖ్యం" అనే స్లయిడ్ పెట్టకండి.

డెమో "తేడా ఎక్కడుంది?" అన్న చోట చేయాలి. రెండు అట్టముక్కలు తీసుకోండి. వాటి అంచులు కొంచెం ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఉంచి, మధ్యలో కాగితపు పట్టీ దూర్చి మూడు వరుసల స్టేపుల్ పిన్నులు కొట్టండి. మధ్య వరుస పిన్నులు రెండు అట్టల్లోంచీ పట్టీలోంచీ దిగాలి. పై వరుస పై అట్టనూ పట్టీనీ, కింది వరుస కింది అట్టనూ పట్టీనీ పట్టుకోవాలి. ఇంకో జతలో పట్టీని మధ్య వరుసకూ పై వరుసకూ నడుమ కోసి బిగించండి. బయటి నుంచి రెండు జతలూ ఒకేలా కనిపిస్తాయి. ఒక విద్యార్థి చేతికిచ్చి ఏది కోసిందో చెప్పమనండి. తనిఖీల్లో ఎందుకు దొరకలేదో వేరే చెప్పక్కర్లేదు. కోత రేకుల నడుమ ఉంది, చూసేవాళ్లు బయటి నుంచి కళ్లతో చూశారు.

చాలామంది స్లయిడ్లలో విమానం "వయసు పదకొండేళ్లు" అని రాస్తారు. ఫెటీగ్‌కు ఏళ్లతో పనిలేదు, ఎన్నిసార్లు ఉబ్బి సడలిందన్నదే లెక్క. ఈ 747 జపాన్‌లోపలి చిన్న దూరాల కోసం చేసిన రకం. సుమారు 25 వేల గంటలకు 18,835 సార్లు ఎగిరింది, అంటే సగటున ఒక్కో ప్రయాణం గంటా ఇరవై నిమిషాలు. ఖండాలు దాటే 747 అన్నే గంటల్లో ఇందులో చిన్న వంతు సార్లే ఎక్కి దిగుతుంది. స్లయిడ్ మీద ఒక్క అంకె పెట్టాలనుకుంటే ఆ 18,835 పెట్టండి. పగులు వేగం సమీకరణాలు వద్దు, ఐదు నిమిషాల్లో వాటిని ఎవరూ అందుకోలేరు.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "చిన్న చీలిక వస్తే గోడ మొత్తం పోకుండా ఏర్పాటు ఉండదా?" ఉంది. గోడను గడులుగా విడదీసే పట్టీలు ఉంటాయి. ఒక గడిలో చీలిక వస్తే పట్టీ దగ్గర ఆగి, గాలి అక్కడి నుంచే బయటికి పోవాలన్నది లెక్క. అయితే ఆ లెక్క పక్క గడి దృఢంగా ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది. ఇక్కడ వరుస పొడవునా చిల్లులు ముందే పగిలి ఉన్నాయి, చీలికను ఆపాల్సిన చోటు కూడా అప్పటికే బలహీనపడింది. తర్వాత 747లలో తోక రెక్కలోకి గాలి దూరకుండా మూత పెట్టారు, నాలుగో హైడ్రాలిక్ వ్యవస్థలో గొట్టం తెగినా ద్రవం మొత్తం కారిపోకుండా ఆపే ఫ్యూజు అమర్చారు.