ఉదయం బడి సంగతి తెలపడానికి మెమోనా, సర్క్యులరా, నోటీసా?

"రాయగడలో ఒక ప్రైవేటు స్కూల్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఎండల వల్ల బడి ఉదయం పూటకి మారుతోంది, కాగితం తయారుచెయ్యమన్నారు. మెమో, సర్క్యులర్, నోటీసుల్లో ఏది రాయాలి?"

నేను గుణుపురంలో స్కూల్ ఆఫీసు పని చాలా ఏళ్లు చూశానండీ. మీ విషయంలో ఒక్క కాగితం సరిపోదు. చదివాక ఎవరు ఏం చెయ్యాలి, చదివినట్టు సంతకం అవసరమా అన్నది చూసుకుంటే ఏది రాయాలో తేలిపోతుంది.

టీచర్లందరూ ఒకే మార్పు పాటించాలి కాబట్టి వాళ్లకి సర్క్యులర్. పైన నంబరు, తేదీ, విషయం రాసి, మొదటి వాక్యంలోనే అసలు సంగతి చెప్పండి: "2026 ఏప్రిల్ 2, గురువారం నుంచి బడి ఉదయం 6:30 నుంచి 10:30 వరకు. సిబ్బంది 6:15కి హాజరు కావాలి." "రేపటి నుంచి" అని మాత్రం రాయొద్దు. వాట్సాప్‌లో అదే కాగితం మర్నాడు చేరినవాళ్లకి రేపు అంటే ఇంకో రోజు అవుతుంది. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల మారుస్తుంటే దాని నంబరు, తేదీ కూడా వెయ్యండి. కింద అందరి పేర్లు రాసి, పక్కన సంతకానికి, తేదీకి గడులు గియ్యండి.

ఆ సంతకాల విలువ నేను దగ్గరుండి చూశాను. ఒక స్కూల్లో శనివారం పరీక్ష డ్యూటీ సంగతి బోర్డు మీద అంటించి ఊరుకున్నారు. ఆ వారం సెలవులో ఉన్న టీచరు రాలేదు. సంజాయిషీ అడిగితే "నాకెవరూ చెప్పలేదు" అన్నారు. ఆవిడ మాట నిజమే, కాదనడానికి ఆఫీసు దగ్గర ఏమీ లేదు. అందుకే సెలవులో ఉన్నవాళ్లకి ఫోటో పంపి, తిరిగొచ్చిన రోజే సంతకం తీసుకోండి.

తల్లిదండ్రులకి గేటు దగ్గర నోటీసు. దీనికి సంతకాలు అక్కర్లేదు, నిలబడి చదివేంత చిన్నదిగా, పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. మన వైపు ఒడియా, తెలుగు రెండూ పక్కపక్కనే పెట్టడం మంచిది, ఇంట్లో ఎవరు ఏది చదువుతారో చెప్పలేం. అంటించిన రోజే ఫోటో తీసి ఫైల్లో ఉంచండి.

ఇక వ్యాన్లు చూసే ఆయనకి మెమో: ఏ వ్యాను ఎన్ని గంటలకి బయల్దేరాలి, డ్రైవర్లకి ఎవరు చెప్పాలి అని. ఇది ఆయన ఒక్కరి పని, మిగతావాళ్లకి సంబంధం లేదు. "నుంచి, కు, తేదీ, విషయం" రాసి నేరుగా సంగతిలోకి వెళ్లిపోవచ్చు, ఆర్యా, భవదీయుడు అక్కర్లేదు. మన ఆఫీసుల్లో మెమో అనగానే పనిష్మెంటేమో అని టెన్షన్ పడతారు కాబట్టి, విషయం దగ్గర "వ్యాన్ల వేళల మార్పు" అని స్పష్టంగా వెయ్యండి.

మళ్లీ పాత వేళలకి వచ్చినప్పుడు నోటి మాటతో సరిపెట్టకండి. పాత సర్క్యులర్ నంబరు వేసి, అది రద్దయిందని కొత్తది ఇవ్వండి. గేటు నోటీసు మాత్రం అదే రోజు తీసెయ్యండి.