పెద్ద నవల, దగ్గరపడిన గడువు, తొమ్మిదో తరగతి కుర్రాడు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మా ఊరి గ్రంథాలయంలో 560 పేజీల నవల కనిపిస్తే ఇంటికి తెచ్చుకున్నాడు. అంత పెద్ద పుస్తకం చదవడం ఇదే మొదలు. గడువు వచ్చేస్తోంది, సగం కూడా కాలేదు. పెద్దయ్యాక గ్రంథాలయంలోనే ఉద్యోగం చేస్తానంటున్నాడు. వాడి బిడియానికి అది సరిపోతుందా?

జవాబు: ముందు గడువు సంగతి చూద్దాం. గంటకు ఇరవై పేజీలు చదివినా ఆ నవలకు 28 గంటలు కావాలి. బడి, హోంవర్కు పోగా రోజుకు గంట దొరికితే నాలుగు వారాలు పడుతుంది కనుక, రెండు వారాల గడువులో సగం కాకపోవడం వెనుకబాటేమీ కాదు. తేదీ దాటక ముందే పుస్తకాన్ని తీసుకెళ్లి, దాని కోసం వేరెవరూ ఎదురుచూడకపోతే గడువు పొడిగించమని అడగాలి. బిడియపడే పిల్లలు ఈ ఒక్క మాట అడగలేక పుస్తకాన్ని సగంలోనే ఇచ్చేస్తారు. మీరు వెళ్లి అడగకండి, అబ్బాయినే పంపండి. కావాలంటే చెప్పవలసిన రెండు వాక్యాలు ఇంట్లోనే అనుకుని వెళ్తాడు.

కథ అర్థమవుతోందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పెట్టనక్కరలేదు. ఇప్పుడు ఎవరి కథ నడుస్తోంది, ఆ మనిషికి ఏం కావాలి అని అడగండి. చివరి పేజీలో జరిగినది మాత్రమే చెబితే ఎక్కడో పాత్రలు కలగాపులగమయ్యాయన్నమాట. అప్పుడు ఒక కాగితంపై పేర్లు, వరసలు రాసుకుని రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్తే దారి దొరుకుతుంది.

ఇక ఉద్యోగం విషయం. గ్రంథాలయంలో నిశ్శబ్దం పాఠకులకే గాని గ్రంథపాలకుడికి కాదు. పురుగుల మీద పుస్తకం కావాలని ఒక రైతు వస్తే, వరికా, మిరపకా, పురుగు ఆకు తింటోందా, కాండం తొలుస్తోందా అని అడిగి రాబట్టాకే సరైన పుస్తకం చేతికివ్వగలరు. వర్గీకరణ, కేటలాగు పనుల్లో మాటలు తక్కువే అయినా, చిన్న శాఖల్లో అన్ని పనులూ ఒక్కరే చూసుకోవలసి వస్తుంది.

ఏ డిగ్రీ చేసినవారైనా గ్రంథాలయ శాస్త్రంలో ఏడాది బి.ఎల్.ఐ.ఎస్సీ., ఆపై ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చదవవచ్చు. అందువల్ల ఈ ఉద్యోగం కోసమని ఇంటర్‌లో ప్రత్యేకంగా ఒక గ్రూపు ఎంచుకోనక్కరలేదు. ఖాళీలు ఎప్పుడో గాని రావు కాబట్టి, మరో ఉద్యోగానికి కూడా పనికొచ్చే డిగ్రీ చేయించడం నా దృష్టిలో మేలు.

ఈలోగా సెలవుల్లో కొన్ని రోజులు, గ్రంథపాలకుడు ఒప్పుకుంటే, తిరిగొచ్చిన పుస్తకాలను బీరువాల్లో సర్దే పని చేయనివ్వండి. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ పద్ధతి వాడే చోట తెలుగు సాహిత్యానికి 894.827 సంఖ్య ఉంటుంది. ఆ వరుస తప్పిన పుస్తకం పాఠకుడికి దొరకదు. నవలలో మునిగే పిల్లలందరికీ ఈ సర్దుబాటు నచ్చదు. మీ వాడికి నచ్చితేనే గ్రంథాలయ కోర్సు గురించి డిగ్రీలో ఉండగా ఆలోచించండి.