నాలుగో నెలలో నిద్ర చెదిరితే జలుబు సిరప్ పరిష్కారం కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా పాపకు నాలుగు నెలలు నిండాయి. నెలలు నిండాకే పుట్టింది, పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఇప్పుడు 6.1. నా పాలే తాగుతుంది. మొన్నటి దాకా రాత్రి పదికి పడుకుంటే మూడింటికి లేచేది. అమ్మగారింటి నుంచి అత్తగారింటికి వచ్చాక నిద్రే లేదు. నిన్న రాత్రి తొమ్మిదికి పడుకుని పదకొండున్నరకు, పన్నెండున్నరకు, ఒకటీ ఇరవైకి, మూడింటికి, నాలుగింటికి లేచింది. చీర ఉయ్యాల ఊపుతుంటేనే పడుకుంటుంది, ఆపితే ఏడుపు. అప్పుడప్పుడు ఉలిక్కిపడుతుంది. మా అత్తయ్య దిష్టి అంటున్నారు, పాలు చాలట్లేదు ఉగ్గు పెట్టమంటున్నారు. ముక్కు కారుతోందని మందుల షాపులో జలుబు సిరప్ ఇచ్చారు. రెండు రాత్రులు అర చెంచా వేస్తే బాగా పడుకుంది. ఇంకొన్నాళ్లు వెయ్యొచ్చా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దమ్మా. ఈ రాత్రి నుంచే ఆపేయండి. నిద్ర సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

సీసా పేరు మీరు రాయలేదు కానీ, మందుల షాపుల్లో పసిపిల్లల జలుబుకని ఇచ్చే సిరప్‌లలో చాలావరకు క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే రెండు మందులు కలిసి ఉంటాయి. మొదటిది మెదడును మత్తుగా చేస్తుంది. మీ పాప పడుకున్నది ఆ మత్తులోనే, జలుబు తగ్గి కాదు. ఈ రెండూ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని, ఆ మాట సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. సీసా తిప్పి చూడండి, చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఇవ్వొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పసిపిల్లలకు రాత్రి మధ్యలో మెలకువ రావడం ఒక రక్షణ. ముక్కు మూసుకుపోయినా, మొహం మీద గుడ్డ పడినా కదిలి ఏడ్చేది ఆ మెలకువతోనే. మత్తు మందు దాన్ని అణిచేస్తుంది. ఊపిరి మందగించవచ్చు. కొందరిలో మత్తుకు బదులు చికాకు, గుండెదడ వస్తాయి. పైగా మన వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. అర చెంచా అంటే ఎంత పడిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. రెండు రాత్రులు వేసినందుకు కంగారు పడకండి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఆ ప్రభావం పోతుంది. అయితే పాప లేపినా సరిగా లేవకపోయినా, పాలు పట్టకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆ సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. వస కొమ్ము, జాజికాయ సాన మీద అరగదీసి నాకించమని ఎవరో ఒకరు చెబుతారు. అవీ వద్దు. ఎంత అరిగిందో ఎవరూ కొలవలేరు, వాంతులతో, మత్తుతో పిల్లల్ని తీసుకొస్తుంటారు. ఈ వయసు జలుబుకు పాలు తాగే ముందు, పడుకునే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు చాలు.

ఇక ఉలిక్కిపాటు గురించి ఒక్క మాటలో రాసి వదిలేశారు, నాకేమో అదే ముందు తెలియాలి. తలుపు చప్పుడుకు, కింద పడుకోబెట్టగానే రెండు చేతులు చాచి మళ్లీ దగ్గరకు తెచ్చుకుంటే అది పుట్టుకతో వచ్చేదే, ఇంకో నెల రెండు నెలల్లో పోతుంది. అలా కాకుండా, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే, చప్పుడేమీ లేకుండానే, తల ముందుకు వంగి చేతులు బిగుసుకుని, కొన్ని సెకన్లకోసారి ఒకే తీరుగా వరసగా వస్తుంటే మాత్రం అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. అది మొదలయ్యే వయసూ సరిగ్గా ఇదే. ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి. తగ్గుతుందేమోనని వారం చూడకండి, వైద్యం ఆలస్యమైతే ఎదుగుదల దెబ్బతింటుంది. మీ పాపది మామూలు ఉలిక్కిపాటే అయ్యుండొచ్చు, కానీ చూడకుండా నేను ఆ మాట చెప్పలేను.

ఇవి పక్కన పెడితే, మీరు రాసినది నాలుగో నెలలో చాలామంది పిల్లల్లో కనిపించే మార్పులాగే ఉంది. మొదటి రెండు మూడు నెలల్లో పసిబిడ్డ నిద్ర రెండే రకాలు. కళ్లు, పెదాలు కదులుతూ ఉండే నిద్ర ఒకటి, కదలకుండా పడుకునేది ఇంకొకటి. అప్పుడు బిడ్డ కళ్లు మూయగానే నేరుగా కదిలే నిద్రలోకి వెళ్లిపోతుంది. మూడు, నాలుగు నెలలకు మెదడు పెరిగి నిద్ర పెద్దవాళ్ల పద్ధతిలోకి మారుతుంది. ముందు పలుచటి నిద్ర, తర్వాత గాఢనిద్ర, తర్వాత కలల నిద్ర. ఈ వయసులో ఒక చుట్టు పూర్తవడానికి సుమారు 50 నుంచి 60 నిమిషాలు పడుతుంది, మనకైతే గంటన్నర. ప్రతి చుట్టు చివర మెలకువ అంచుదాకా వస్తాం. మనం పక్కకు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకు గుర్తుండదు. పాపకు ఆ విద్య ఇంకా రాలేదు. ఊగుతూ కళ్లు మూసింది, తెరిస్తే ఊపు ఆగిపోయి ఉంది. అందుకే ఏడుపు.

మీరు రాసిన టైములే చూడండి. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా రెండు మూడు చుట్లు మీ సాయం లేకుండానే దాటింది. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ కాబట్టి అది కుదిరింది. అర్ధరాత్రి దాటాక నిద్ర పలచబడుతుంది, అక్కడి నుంచి దాదాపు ప్రతి చుట్టుకూ లేస్తోంది. పన్నెండున్నరకూ ఒకటీ ఇరవైకీ మధ్య 50 నిమిషాలే. అంతలో ఆకలి వేయదమ్మా. ఊరు మారడం, జలుబు కూడా తోడయ్యాయి. దిష్టి తీయాలనుకుంటే తీయండి, నాకేం అభ్యంతరం లేదు. ఎండుమిరపకాయల పొగ మాత్రం పాప ఉన్న గదిలో వద్దు.

నిద్రలో వచ్చిన ఈ మార్పు మళ్లీ వెనక్కి పోదు. ఇబ్బంది మాత్రం ఎక్కువ మందిలో రెండు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటుంది. ఈలోగా మీరు మార్చగలిగింది పాప ఎలా నిద్రలోకి జారుతుందన్నది. రాత్రి మొదటి నిద్రతోనే మొదలుపెట్టండి, మిగతా వేళల్లో ఎలాగోలా పడుకోబెట్టండి, ఫరవాలేదు. ఈ వయసులో గంటన్నర, రెండు గంటలకు మించి మేలుకుని ఉంటే అలసిపోయి ఇంకా ఏడుస్తారు. అత్తగారింటికి కొత్తగా వచ్చారు కాబట్టి సాయంత్రం పూట చుట్టుపక్కల వాళ్లంతా ఎత్తుకుని ఆడిస్తూ ఉంటారని నా అనుమానం. ఏడున్నర తర్వాత ఆ సందడి వద్దని చెప్పండి. లైటు తగ్గించి పాలు పట్టండి, తేన్పు రానివ్వండి, ఉయ్యాలలో కాసేపు ఊపండి. కళ్లు వాలుతుండగా, పూర్తిగా మూయకముందే ఊపు ఆపి చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి గుండె మీద చెయ్యి వేసి ఉంచండి. ఏడిస్తే ఎత్తుకోండి, నెమ్మదించాక మళ్లీ ప్రయత్నించండి. మొదటి కొన్ని రోజులు కుదరదు, చివరికి ఊపాల్సే రావచ్చు. ఊపండి. నాలుగు నెలల పిల్లను ఏడ్చి ఏడ్చి పడుకోనివ్వండని నేను చెప్పను.

రాత్రి చిన్న మూలుగు వినగానే ఎత్తేయకండి. ఒకటి రెండు నిమిషాలు చూడండి, కళ్లు మూసుకునే కదులుతూ మళ్లీ పడుకోవచ్చు. నిన్నటి లెక్కనే తీసుకుంటే పదకొండున్నరకు, మూడింటికి పాలివ్వండి. మిగిలిన సార్లు ముందు చెయ్యి వేసి చూడండి. నిజంగా ఆకలైతే గుటకలు వినిపిస్తాయి, ఐదు పది నిమిషాలు గట్టిగా తాగుతుంది. నాలుగుసార్లు చప్పరించి నిద్రపోతే అది ఆకలి కాదు, నిద్ర కోసం వెతుకులాట. చెయ్యి వేసినా నెమ్మదించకపోతే మాత్రం లెక్కలు చూడకుండా పాలివ్వండి.

పగటి పాల సంగతి కూడా చూడండి. ఈ వయసుకు లోకం కనిపించడం మొదలవుతుంది. ఫ్యాను తిరిగినా, ఎవరైనా మాట్లాడినా పాలు వదిలేసి అటు తిరుగుతారు. పగలు తగ్గినదంతా రాత్రి తాగుతారు. కాబట్టి పగలు రెండు మూడు గంటలకోసారి జనం లేని గదిలో పాలివ్వండి. పొద్దున్న రోజూ దాదాపు ఒకే వేళకు లేపి వెలుతురులోకి తీసుకురండి. పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు పడుకుంటే ఆ వయసుకు సరిపోతుంది.

చీర ఉయ్యాల గురించి కూడా చెప్పాలి. నిద్ర పట్టేదాకా, మీరు పక్కన ఉన్నంతసేపే వాడండి. అందులో మెడ ముందుకు వంగిపోతుంది, గడ్డం గుండెకు ఆనితే ఊపిరి ఇబ్బంది. బోర్లా పడటం మొదలుపెడితే మరీ ప్రమాదం. బోర్లా పడే ప్రయత్నం కనిపించగానే గుడ్డలో బిగించి చుట్టడం కూడా ఆపేయాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా తీసేయండి, ఏ దిండూ అక్కర్లేదు. దోమతెర ఉంటే చాలు.

పాపకు 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు ఎగరేసినా, రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం పోసినా, ఏం చేసినా ఏడుపు ఆగకపోయినా అది నిద్ర సమస్య కాదు, డాక్టరు చూడాలి. మీ సంగతి కూడా. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తూ రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెల్లవారుజామున ఐదింటికి పాలిచ్చాక పాపను రెండు గంటలు మీ అత్తయ్యగారికి అప్పగించి పడుకోండి.

ఉగ్గు ఇప్పుడే వద్దు. పుట్టినప్పటి బరువుకు రెట్టింపు ఐదో నెల ప్రాంతంలో వస్తే మాకు సంతోషం, మీ పాప నాలుగుకే దాటేసింది. పాలు చాలకపోతే ఆ బరువు రాదు. అత్తయ్యగారికి తల్లీబిడ్డల కార్డులోని బరువు గీత చూపించండి, అర్థం కాకపోతే ఆశా కార్యకర్త వివరిస్తుంది. ఉగ్గు పెడితే రాత్రంతా పడుకుంటారన్నది నిజం కాదు, ఈ వయసులో పొరబోవడం, విరేచనాలు మాత్రం నిజం. ఆరు నెలలు నిండాక మొదలుపెట్టండి.