సింగిల్ బిర్యానీ ఎంతమందికి?

"వారానికి మూడు నాలుగు సార్లే యాప్‌లో ఆర్డర్ పెడతాను, అదీ ఒక్క ఐటమే. స్వీట్లు తినను, కూల్‌డ్రింక్ ముట్టను. అయినా హైదరాబాద్ వచ్చిన ఏడాదిన్నరలో 7 కిలోలు పెరిగాను. బయటి నూనె వల్లేనా?"

నూనె పాత్ర ఉంది, కాదనను. కానీ మీరు "ఒక్క ఐటమే" అన్నారే, నాకైతే అసలు సంగతి అక్కడే కనిపిస్తోంది. కొండాపూర్‌లో ఒక బిర్యానీ కిచెన్‌లో కొంతకాలం పార్సిల్ కౌంటర్ చూసుకున్నాను. ఆ డబ్బాలో ఎంత పడుతుందో, ఎందుకంత పడుతుందో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సింగిల్ బిర్యానీ కట్టేటప్పుడు తినేవాడి ఆకలి గురించి ఎవరూ ఆలోచించరు. అడుగున మసాలా, రెండు ముక్కలు వేసి, పైన అన్నం నింపుతారు. మూత పెట్టేముందు ఇంకో అర గరిటె వేసి అదుముతారు. ఆ అర గరిటె వెనక లెక్క ఉంది. బిర్యానీలో ముక్క ఖరీదు, అన్నం చవక. ముక్క పెంచితే లాభం పోతుంది, అన్నం పెంచితే పెద్దగా ఏమీ పోదు. అదే "క్వాంటిటీ తక్కువ" అని ఒక కస్టమర్ రాస్తే రేటింగ్ పడిపోతుంది, ఒక్కోసారి డబ్బులూ వెనక్కి ఇవ్వాలి. ఎక్కువైందని ఫిర్యాదు చేసినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ తగల్లేదు. పైగా చిన్న డబ్బాకైనా పెద్ద డబ్బాకైనా ప్యాకింగ్ ఖర్చు, కట్టే మనిషి జీతం దాదాపు ఒకటే. అందుకే చాలా చోట్ల మెనూలో మినీ బిర్యానీ ఉండదు, ఉన్నా ఎక్కడో కింద ఉంటుంది. ధర కూడా కాస్తే తక్కువ కాబట్టి సింగిల్ తీసుకోవడమే లాభమనిపిస్తుంది.

మా తమ్ముడు మాదాపూర్‌లో పీజీలో ఉంటాడు. వాడిదీ మీ ప్రశ్నే. "ఒక్క బాక్సే కదన్నా తినేది" అనేవాడు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, వాడు ఎప్పుడూ తెప్పించుకునే చికెన్ బిర్యానీయే ఆర్డర్ పెట్టాడు. డబ్బాలో ఉన్నదంతా వంటింటి కాటా మీద తూచాం. 860 గ్రాములు వచ్చింది. తిన్న తర్వాత మిగిలిన ఎముకలు, లవంగాలు, యాలకులు తూస్తే 110 గ్రాములు. అంటే కడుపులోకి వెళ్లింది 750 గ్రాములు. నూనె, నెయ్యి కలిసిన బిర్యానీకి వంద గ్రాములకు 170 కేలరీల చొప్పున వేసుకున్నా 1,275 అవుతుంది. ఇది ఉజ్జాయింపే, చేసే చోటును బట్టి అటూఇటూ మారుతుంది. పల్లీలు, నువ్వులు నూరి చేసిన సాలన్ ఒక చిన్న కప్పు కలిపితే మొత్తం 1,400 దాటుతుంది. కూర్చుని పనిచేసే మగవాడికి రోజు మొత్తానికి కావలసింది, ఐసీఎంఆర్ లెక్కలో, సుమారు 2,100. అందులో మూడింట రెండు వంతులు ఒక్క డబ్బాలోనే వచ్చేశాయి.

అదే మా ఇంట్లో వాడు తినే భోజనం తూస్తే అన్నం 300 గ్రాములు ఉంది. పప్పు, కూర, పెరుగు కలుపుకుంటే 700 కేలరీల దగ్గర తేలింది. వాడు ఇంట్లో ఆకలితో లేచినవాడేమీ కాదు. అంటే బిర్యానీ తిన్న ప్రతిసారీ 700 అదనం. వారానికి మూడుసార్లంటే 2,100. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి, కాగితం మీద లెక్కేస్తే నెలకు కిలో దాకా పెరగాలి. నిజంగా అంత పెరగదు. మర్నాడు పొద్దున కడుపు బరువుగా ఉండి టిఫిన్ మానేస్తాం, కొంత అక్కడ తగ్గుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఖర్చయ్యే కేలరీలూ పెరుగుతాయి. ఆ తగ్గేవన్నీ తీసేసినా ఏడాదిన్నరలో 7 కిలోలంటే నాకేమీ వింతగా లేదు.

అంత తింటే కడుపుకు తెలియదా అని మీకు అనిపించవచ్చు. తెలియదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం 2002లో దీని మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. అవే మనుషులకు ఒక్కో రోజు ఒక్కో పరిమాణంలో మాకరోని పెట్టారు. 500 గ్రాములు పెట్టిన రోజు కంటే 1,000 గ్రాములు పెట్టిన రోజు 30 శాతం ఎక్కువ తిన్నారు. తిన్నాక కడుపు ఎంత నిండిందని అడిగితే, ఏ రోజైనా దాదాపు ఒకే జవాబు వచ్చింది. ఎదురుగా ఉన్నదాన్ని బట్టే తింటాం, అది చదువుకున్నవాళ్లయినా అంతే.

దీన్ని మన మెస్‌లో ఇంకా బాగా గమనించవచ్చు. కూర్చుని తినే భోజనంలో అన్నానికి లెక్క లేదు, ఎంతైనా వడ్డిస్తారు. కానీ మారు వడ్డించడానికి వచ్చినప్పుడల్లా ఆగి ఆలోచిస్తాం, ఒక దశలో చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాం. అదే మెస్ నుంచి పార్సిల్ తెప్పిస్తే ఆ అన్నం ఇద్దరికి సులువుగా సరిపోతుంది. అక్కడ చాలు అనే అవకాశమే లేదు. ఎంతనేది కట్టినవాడు నిర్ణయించేశాడు. ఫోన్ చూస్తూ నేరుగా డబ్బాలోంచే తింటే ఇక ఆగే చోటే ఉండదు.

అందుకని బయట తినడం మానేయమని నేను చెప్పను. మా తమ్ముడితో చేయించింది ఒక్కటే: డబ్బా రాగానే, ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టకముందే, సగం వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టడం. తిన్నాక మిగిల్చుదామనుకుంటే మిగలదు, వాడి విషయంలో మిగల్లేదు. మిగతా సగానికి తోడు కీరా, ఉల్లిపాయ, ఒక కప్పు పెరుగు, ఇంకా ఆకలి వేస్తే ఉడకబెట్టిన గుడ్డు. మొదటి వారం వెలితిగా ఉందన్నాడు, తర్వాత ఆ మాట అనలేదు. ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం ఆలస్యం చేయొద్దు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అందులో పెరిగే బాక్టీరియా విషాన్ని మళ్లీ వేడిచేసినా పోగొట్టలేం. మన ఎండాకాలంలో అయితే మరీ జాగ్రత్త. మర్నాడు మధ్యాహ్నానికల్లా పొగలు వచ్చేదాకా వేడిచేసి తినేయండి. పీజీలో ఫ్రిజ్ లేకపోతే రూమ్మేట్‌తో కలిసి ఒక సింగిల్ తెప్పించుకోండి.

ఇంకో సంగతి, ఫ్రీ డెలివరీకి ఇంకో అరవై రూపాయలు కలపమని యాప్ చూపిస్తుంది. ఆ అరవైకి మనం కలిపేది ఎప్పుడూ చికెన్ 65 లేదా డబుల్ కా మీఠానే, కీరా ముక్కలు కాదు. డెలివరీ చార్జీ కట్టేయడమే మేలు, నిజంగా అదే చవక.

కాటా మీద బరువు నీళ్లు, ఉప్పును బట్టి ఒకటి రెండు కిలోలు ఊగుతుంది, బిర్యానీ తిన్న మర్నాడు మరీనూ. కాబట్టి నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకోండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగర్ ముప్పు ఎక్కువంటారు డాక్టర్లు. రెండు మూడు నెలలు డబ్బాను నిజంగా సగం చేసినా నడుం పెరుగుతూనే ఉంటే, అప్పుడు తిండి ఒక్కదాన్నే అనుమానించకుండా థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్ లాంటి మందులేవైనా వాడుతుంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి.